సర్ఖేల్ మాస్టారి ముక్కు

కృష్ణనగర్ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో, ఇచ్చిన లవణంలో ఏముందో కనిపెట్టే సాల్ట్ అనాలిసిస్ అంటే నిరుపమ్ సర్ఖేల్ మాస్టారి ముక్కే. ముప్పై ఏళ్లుగా పిల్లల తప్పుల్ని ఆయన వాసనతోనే పట్టేవాడు.

ఆ రోజు విద్యార్థిని పియాలి తనకిచ్చిన లవణంలో రాగి, అమ్మోనియం ఉన్నాయని రాసింది. వరసగా చేసే గ్రూపు పరీక్షల్లో, రెండో గ్రూపులో రాగి నల్లటి మడ్డిగా అడుగుకి దిగింది, తర్వాతి పరీక్షలో వచ్చిన ముదురు నీలంతో రుజువైంది. పేచీ అమ్మోనియం దగ్గరే వచ్చింది.

"ఆ అమ్మోనియా నువ్వు పోసిందేనమ్మా. మూడో గ్రూపు రియేజెంటులోనే అమ్మోనియా ఉంటుంది, అది కలిపాక చూసుంటావు."

"లేదు సార్, గ్రూపులకంటే ముందే, అసలు లవణంలోనే చూశాను."

చిటికెడు లవణంలో కాస్టిక్ సోడా పోసి, ఆయన ముందే వేడిచేసింది. అమ్మోనియం ఉంటే ఘాటైన అమ్మోనియా వాసన రావాలి. మాస్టారు పరీక్షనాళికను ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు.

"ఏదీ? ఏమీ లేదే. సున్నా వేస్తాను."

అప్పటికే ముక్కు చిట్లించుకున్న పియాలి బిత్తరపోయింది. గాజుకడ్డీని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ముంచి నాళిక మూతి దగ్గర పట్టింది. అమ్మోనియా ఉందని చెప్పే తెల్లటి పొగ దట్టంగా లేచింది.

పొద్దున భార్య అన్న మాట మాస్టారికి గుర్తొచ్చింది. "కుళ్లిన చేప మోసుకొచ్చారు, మీకు ముక్కుందా లేదా?" అంటే, ఆమెతో పోట్లాడి వచ్చాడు.

పియాలికి మార్కులు వేశాడు. రెండో గ్రూపుకి హైడ్రోజన్ సల్ఫైడ్ గ్యాసు పట్టే కిప్ ఉపకరణం దగ్గరికెళ్లి కుళాయి కాస్త తిప్పాడు. కుళ్లిన గుడ్ల కంపుకి పిల్లలంతా ముక్కులు మూసుకుని కిటికీల వైపు జరిగారు. ముప్పై ఏళ్లు ఆ కంపును తిట్టుకున్న మనిషి, ఇప్పుడు అక్కడే నిలబడి దానికోసం ఎదురుచూశాడు.