భాస్కరం గారు మార్చిన ఒక్క వాక్యం

మా భాస్కరం గారి నోట చెడ్డమాట రాదు. తిట్లు రావని కాదు, అవి బాగానే వస్తాయి, ముఖ్యంగా నా మీద. ఆయన నోట రానివి అశుభాలు. క్యాంటీన్‌లో బియ్యం అయిపోతే "నిండుకున్నాయి" అంటారు. దీపం ఆరిపోదు, కొండెక్కుతుంది. ఇంటికి బయల్దేరుతూ ఎవరైనా "వెళ్తానండి" అంటే చాలు, కుర్చీలోంచి లేచి మరీ "వెళ్ళొస్తాననవయ్యా" అని దిద్దుతారు. చనిపోయిన ఉద్యోగుల ఫైళ్ళ మీద కూడా ఆ మాట కనబడనివ్వరు. "పూర్ణకాలం" అని రాయిస్తారు. నాలుగేళ్ళుగా ఆయన కింద పనిచేస్తున్నాను, దాని అర్థమేంటో ఈనాటికీ నాకు తెలియదు.

కోనసీమ అగ్రహారంలో పురోహితుల ఇంట పుట్టి, బీకాం చదివి, ముప్ఫై ఏళ్ళ కిందట మా తవుడు నూనె మిల్లులో గుమస్తాగా చేరారు. రావులపాలెం దాటాక వస్తుంది మా మిల్లు. బోర్డు మీద "ఎస్టాబ్లిష్‌మెంట్" చెరిపేసి "హెచ్.ఆర్." అని రాసిన రోజున ఆయన మేనేజరయ్యారు. పిల్లల చదువుల లోన్లకీ, ఆడపిల్లల పెళ్ళిళ్ళకీ ఎవరికి ఏ కాగితం కావాలన్నా ఆ టేబుల్ దగ్గరికే రావాలి. ఒక్కరిని వట్టి చేతులతో పంపగా నేను చూడలేదు. ఆయన మంచివారని ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే మిగతాదంతా చెప్పాక మీరు నమ్మరు.

పోయిన ఏడాది అక్టోబరులో ల్యాబ్ రత్నమాణిక్యం గారు మాకు మెయిల్ పెట్టారు. పదహారేళ్ళుగా నూనె నాణ్యత పరీక్షించే మనిషి. రాతలోనూ అంతే, తూకం వేసినట్టుంటుంది. చెల్లెలు సత్యశ్రీ ఇంగ్లండులో నర్సు, అక్కడే క్యాన్సర్ చివరి దశలో ఉంది, చూసి రావడానికి విజిటర్ వీసాకి అప్లై చేస్తున్నాను, ఉద్యోగ ధ్రువీకరణ పత్రం కావాలి అని మొదటి వాక్యంలోనే రాశారు. హైదరాబాద్‌లో అపాయింట్‌మెంట్ సోమవారం కాబట్టి శుక్రవారం మధ్యాహ్నం లోపు అందాలన్నారు. ఎలా ఉండాలో కూడా రాశారు. ఇంగ్లీషులో, కంపెనీ లెటర్‌హెడ్ మీద, వీసా అధికారిని ఉద్దేశించి ఉండాలి. హోదా, చేరిన తేదీ, నెల జీతం, సెలవు మంజూరైన తేదీలు, ఆ సెలవు ఎందుకో, తిరిగొచ్చాక ఇదే ఉద్యోగంలో చేరతారన్న మాట, సంతకం చేసినవారి ఫోనూ మెయిలూ, స్టాంపూ. ఇంత చక్కగా రాసిన మెయిల్ నా సర్వీసులో చూడలేదు.

బుధవారానికే డ్రాఫ్టు టైప్ చేసి ఆయన ముందు పెట్టాను. చదువుకుంటూ వచ్చి సెలవు కారణం దగ్గర ఆగిపోయారు. "తీవ్ర అనారోగ్యంతో చివరి దశలో ఉన్న చెల్లెలిని చూడటానికి" అన్నదాన్ని అడ్డంగా కొట్టేశారు.

"ఇదేంటమ్మాయ్? మన చేత్తో మనమే రాస్తామా ఇలాంటివి?"

"ఆవిడే అడిగారు కదండీ."

"బాధలో అడుగుతారు. ఆ సంగతి ఆస్పత్రివాళ్ళు వాళ్ళ కాగితంలో రాశారుగా, చాలు. మనం మంచి రాద్దాం. విహారయాత్ర అని పెట్టు."

"అప్లికేషన్‌లో ఒకటి, మన లెటర్‌లో ఇంకొకటి ఉంటే కుదరదేమోనండి."

"తథాస్తు దేవతలుంటారే! నువ్వు టైప్ చెయ్యి."

చేశాను. జీతం రాళ్ళ కోసం కాదు, గొడవెందుకులే అని. ఆ గొడవ పడి ఉండాల్సింది. ఇప్పటికీ నా మీద నాకు మండిపోతూ ఉంటుంది.

శుక్రవారం పదకొండుకి రత్నమాణిక్యం గారు వచ్చి లెటర్ నిలబడే చదివారు. ఆవిడ చూడలేదని కాదు. చూశారు. వేలు ఆ వాక్యం మీద ఆగింది.

"సార్, ఇక్కడ విహారయాత్ర అని ఉందండి."

భాస్కరం గారు కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు. "మాణిక్యం, నీ చెల్లెలికేం కాదమ్మా. నువ్వెళ్ళేసరికి లేచి కూర్చుంటుంది. ఇద్దరూ కలిసి ఊరు చూసి రండి. నా మాట ఊరికే పోదు."

తల్లి పోయినప్పుడు సత్యశ్రీకి ఆరేళ్ళు. అప్పటినుంచీ జడ వేసిందీ, నర్సింగు చదివించిందీ ఈ అక్కే. డాక్టర్లెవరూ ఆవిడకి అంత ఆశ ఇవ్వలేదు. ఒక పెద్దాయన, స్టాంపు వేసిన కాగితం మీద, చెల్లెలు బతుకుతుందన్నట్టు రాసిచ్చాడు. ఆవిడ ముఖం ఎంత తేటపడిందో నేను చూశాను. లెటర్‌ని పాలిథీన్ కవర్లో పెట్టుకుని "వెళ్ళొస్తానండి" అని వెళ్ళిపోయారు.

త్వరగా తేల్చే పద్ధతికి అదనపు రుసుం కట్టారు కాబట్టి వారంలోపే జవాబొచ్చింది. వీసా తిరస్కరించారు. కాగితం నాకూ చూపించారు. జబ్బుపడిన సోదరి కోసమని మీరు రాశారు, మీ యజమాని విహారయాత్రకు సెలవు ఇచ్చామంటున్నారు, కాబట్టి మీ ప్రయాణ ఉద్దేశం మాకు నమ్మకంగా లేదు. అంతే. అందులో కోపం లేదు, అన్యాయమూ లేదు. వాళ్ళకి తథాస్తు దేవతలు తెలియరు.

భాస్కరం గారు అది రెండుసార్లు చదివారు. నన్ను పక్కకి తప్పించి కీబోర్డు ముందు తనే కూర్చున్నారు. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొత్త లెటర్ ఉన్నదున్నట్టు కొట్టారు. మొదటి లెటర్‌లో తప్పు తనదేనని ఇంకో పేరా రాశారు. అప్పీలు లేదు, మళ్ళీ మొదటినుంచీ అప్లై చెయ్యాలి. అపాయింట్‌మెంట్ తొమ్మిది రోజుల తర్వాత దొరికింది.

ఆ తొమ్మిది రోజులూ ఆవిడ మానకుండా ల్యాబ్‌కి వచ్చారు. ఇంట్లో ఉంటే పిచ్చెక్కుతోందన్నారు. మధ్యాహ్నం వీడియో కాల్‌లో చెల్లెలి ముఖం రోజురోజుకీ చిన్నదైపోతూ వచ్చింది. "అక్కా, టికెట్ అయిందా?" అని ఆ పిల్ల అడుగుతుంటే పక్క టేబుల్ వాళ్ళు లేచి బయటికి వెళ్ళిపోయేవారు.

రెండోసారి వీసా ఇచ్చారు, శుక్రవారం. సత్యశ్రీ ప్రాణం పోయింది అంతకు ముందు బుధవారం.

సోమవారం ఆవిడ మా గదిలోకి వచ్చారు. వీసా ఉంది కాబట్టి అంత్యక్రియలకు వెళ్తున్నారు, సెలవు తేదీలు మార్చాలి. భాస్కరం గారు లేచి నిలబడ్డారు. చేతులు జోడించబోతే ఆవిడ ఆపేశారు.

"వద్దండి. మీరు పెద్దవారు."

"చంపేశానమ్మా నిన్ను," అన్నారాయన. ఆ నోట ఆ మాట వినడం నాకదే మొదటిసారి.

ఆవిడ ఏడవలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నారు, ఏదో లెక్క అప్పజెబుతున్నట్టు మాట్లాడారు.

"మంగళవారం సాయంత్రం అక్కడి నర్సు చెప్పిందండి. మా పిల్ల మంచం పక్కన కుర్చీలో ఎవర్నీ కూర్చోనివ్వలేదట. అక్క వస్తుంది, అక్కకి ఉంచండి అందట. మీరు రాసింది తప్పని నాకు ఆ రోజే తెలుసండి. ల్యాబ్‌లో అంకె ఒక్కటి తేడా ఉంటే బ్యాచి వెనక్కి పంపేదాన్ని. అది మాత్రం మార్చమని అడగలేకపోయాను. అడిగితే, చెల్లెలు పోతుందని నేనే ఒప్పుకున్నట్టవుతుందండి."

భాస్కరం గారు సొరుగు తెరిచారు. సెలవు ఫారం తీసి ఆవిడ ముందు పెట్టారు. కారణం దగ్గర "చెల్లెలి మరణం" అని ఆవిడే రాసుకున్నారు, స్పష్టంగా, ఒక్క అక్షరం తప్పు లేకుండా.