ఒకటో తారీఖు బెంచీ

నాన్నగారు రైల్వేలో పార్సిల్ గుమాస్తాగా రిటైరయ్యారు. పెన్షను నెలాఖరుకే ఖాతాలో పడిపోతుంది, ఫోనుకి మెసేజీ కూడా వస్తుంది. అయినా ఒకటో తారీఖున ఇస్త్రీ చొక్కా వేసుకుని, పాసుబుక్కు సంచిలో పెట్టుకుని సామర్లకోటలో మా బ్యాంకుకి బయల్దేరాల్సిందే. టీచరుగా పనిచేస్తున్న స్కూలుకి ఒక పూట సెలవు పెట్టి స్కూటీ మీద దింపేది నేను. పది నిమిషాల పనికి ఆయన రెండు గంటలు కూర్చునేవారు.

కూర్చునేది గోడవారగా ఉన్న బెంచీ మీద. అక్కడ పెన్షనర్లు నలుగురైదుగురు, వాళ్ళలో రిటైరైన పోస్టుమాస్టరుగారు ఆయనకి జతగాడు. కొత్తగా అరవై నిండినవాళ్ళు ఎవరైనా వస్తే ఈ ఇద్దరూ పాఠం మొదలెట్టేవారు. సీనియర్లకి డిపాజిట్ మీద అర శాతం ఎక్కువిస్తారు, కానీ పాత డిపాజిట్‌కి దానంతటది పెరగదు, గడువు తీరాక తిరిగి వేసినప్పుడే. జాయింటుగా వేస్తే పెద్దవాళ్ళ పేరు ముందుండాలి. వడ్డీలో పన్ను కోత పడకుండా ఏప్రిల్లో పదిహేను హెచ్ ఫారం ఇవ్వడం మర్చిపోవద్దు. నేను గడియారం చూసుకుంటూ గుమ్మం దగ్గర రుసరుసలాడేదాన్ని.

ఒక నెలలో ఆ పూట సెలవు దొరకలేదు సరికదా, హెడ్మాస్టరుగారితో మాట పడ్డాను. ఆ కోపంతోనే సాయంత్రం ఒక్కదాన్నే బ్యాంకుకి వెళ్ళి, ఇంటికే వచ్చి సేవలు చేస్తారట కదా, నాన్నగారికి పెట్టించండి అన్నాను. డెబ్భై దాటితే చాలండి అంది ఆఫీసరమ్మ. ఆయనకి డెబ్భై నాలుగు. అక్కడితో ఊరుకోవచ్చు. ఒంట్లో బాగోలేదా అని ఆవిడ మర్యాదకి అడిగితే, నాన్నగారు అస్సలు నడవలేకపోతున్నారని చెప్పేశాను. సెలవు దొరక్క పెట్టిస్తున్నానని చెప్పడానికి మొహం చెల్లలేదు. బెంచీ మీద ఎవరో ఉన్నారు. ఎవరని చూడలేదు.

ఇంటికొచ్చి ఆయనకి ఇంకో అబద్ధం చెప్పాను. డెబ్భై దాటినవాళ్ళెవరూ బ్యాంకుకి రానక్కర్లేదట, అందరి ఇళ్ళకీ వాళ్ళే వస్తారట అని.

"మరి పోస్టుమాస్టరు గారి ఇంటికి కూడానా?" అన్నారు.

అవునన్నాను. బెంచీ ఖాళీ అయిపోయిందనుకున్నారు కాబోలు, మళ్ళీ అడగలేదు. ప్రతి నెలా కలుస్తూనే ఉంటే ఫోను నంబర్లెందుకని వాళ్ళు ఎప్పుడూ రాసుకోలేదు. పోస్టుమాస్టరుగారిది కాకినాడ వైపు ఏదో ఊరు, అంతే తెలుసు.

ఒకటో తారీఖున నేను ఫోన్లో బుక్ చేస్తే బ్యాంకు తరఫున ఒకతను వచ్చేవాడు. నాన్నగారు ఫోనుకొచ్చిన కోడ్ చెప్పాక డబ్బు ఇచ్చి రసీదు ఇచ్చేవాడు. చిన్న ఛార్జీ తప్ప ఇబ్బందేం లేదు. ఆ రోజున కూడా నాన్నగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని వీధి అరుగు మీద కూర్చునేవారు. కాఫీ తాగి వెళ్ళమంటే అతను ఇంకా నాలుగు ఇళ్ళున్నాయండి అని బండెక్కేవాడు. అది తెలిసి కూడా నా సెలవులు మిగిలాయని సంబరపడ్డాను.

నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి, లేకపోతే పెన్షను ఆగిపోతుంది. అతను తెచ్చిన మిషను మీద నాన్నగారి వేలిముద్ర పడలేదు. ఏళ్ళతరబడి పార్సిళ్ళు సర్ది, చీటీలు అంటించి అరిగిన వేళ్ళు. బ్యాంకుకే వచ్చి కాగితం మీద సంతకం పెడితే సరిపోతుందన్నాడు. ఎనిమిది నెలల తర్వాత ఆయన్ని స్కూటీ ఎక్కించుకున్నాను.

బెంచీ నిండా జనం ఉన్నారు. నాన్నగారు గుమ్మంలోనే ఆగిపోయారు. వాళ్ళలో ఒకాయన లేచొచ్చి ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"మీరు మంచం మీదున్నారనుకున్నామండి. పోస్టుమాస్టరు గారు మిమ్మల్ని చూడ్డానికి వస్తానంటే, పడుకున్న మనిషిని కదిలించి బాధపెట్టొద్దని మేమే ఆపాం. శ్రావణంలో ఆయన పోయారు."

నాన్నగారు బెంచీ మీద కూర్చున్నారు. పాసుబుక్కు సంచి ఒళ్ళో పెట్టుకున్నారు. తర్వాత నావైపు తిరిగారు.

"నేను నడవలేనని ఎవరు చెప్పారమ్మా?"

నిజం నా నోటిదాకా వచ్చింది. అందరూ చూస్తున్నారు. బ్యాంకువాళ్ళే ఏదో పొరపాటుగా రాసుకుని ఉంటారు నాన్నా అన్నాను. ఆయన తలూపారు.

ఇప్పుడు ప్రతి ఒకటో తారీఖునా ఒక పూట సెలవు పెడుతున్నాను. హెడ్మాస్టరుగారు ఏమన్నా పడుతున్నాను. గుమ్మం దగ్గర నిలబడితే నాన్నగారి మాటలు వినిపిస్తుంటాయి. కొత్తగా వచ్చినవాళ్ళకి అర శాతం గురించి, పదిహేను హెచ్ గురించి చెప్పాక, చివర్లో ఒక మాట కలుపుతారు.

"బ్యాంకువాళ్ళు ఒకసారి నన్ను నడవలేనివాణ్ణని రాసేశారండి. మా అమ్మాయి దగ్గరుండి సరిచేయించింది."