అందరికీ వెళ్లిన పేరు

కరీమున్‌ది గుంటూరులో మిరపకారం ఎగుమతి చేసే ఒక కంపెనీలో కంప్యూటర్ ఉద్యోగం. ఊళ్లో సగంమంది మిర్చి ఘాటుకు దగ్గుతూ బతుకుతుంటే తను ఏసీ గదిలో కూర్చుని ఉత్తరాలు కొడుతున్నందుకు, ఆవిడకు కాస్త గర్వం ఉన్నమాట నిజం. ఆ గర్వం 2005 ఎండాకాలంలో, ఒక మంగళవారం మధ్యాహ్నం ఒంటిగంటా నలభైకి దిగిపోయింది.

అసలు కథ అంతకు నెల ముందే మొదలైంది. లోడింగ్ రోజు మారిందని చెప్పాల్సిన మెయిల్‌ని ఆవిడ ఒక్కరికే పంపింది. ఆ సంగతి తెలియని లారీ మిల్లు దగ్గర పొద్దస్తమానం నిలబడింది. మేనేజరు జానకిరామయ్య గారు కేకలెయ్యలేదు. "అందరికీ పనున్న కబురు అందరికీ చెప్పాలమ్మా. రిప్లై ఆల్ ఉన్నది దానికే" అన్నారు. చెప్పింది సబబైన మాటే. కాకపోతే కరీమున్ అందులో 'అందరికీ' అన్న ముక్కను పట్టుకుని 'పనున్న' అన్న ముక్కను వదిలేసింది. ఆ రోజు నుంచి ఏ మెయిల్ వచ్చినా చెయ్యి రిప్లై పక్కనున్న రెండో బొత్తాం మీదికే పోయేది.

మంగళవారం జానకిరామయ్య గారు ఒంగోలు ఆఫీసులో ఉన్నారు. ఏటుకూరు రోడ్డు మిల్లులో ఆడించిన కారం గురువారం లోడ్ చేద్దామా అని అక్కడి నుంచి మెయిల్ పెట్టారు. అది కరీమున్‌కీ, మిల్లు యజమానికీ, పరీక్షల ల్యాబుకీ, లారీల ఆఫీసుకీ, మద్రాసులో ఉండే కొనుగోలుదారు ఏజెంటుకీ వెళ్లింది. కరీమున్ గుండెలో అప్పటికి రెండు రోజులుగా ఒక మాట నలుగుతోంది. వాళ్ల బుడే బాబాయి ఆ మిల్లులోనే మర దగ్గర పని చేస్తాడు. కారంలో రంగు కలుపుతున్నారని ఆదివారం ఆవిడ చెవిలో వేసిపోయాడు. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టడం అప్పట్లో అందరికీ అలవాటే. ఆవిడ కూడా అలాగే కొట్టింది. "అయ్యా, ఆ లాటులో రంగు కలిపారు. మిల్లులో పని చేసే మా బుడే బాబాయి కళ్లారా చూశాడు. లోడింగ్‌కి ముందు పరీక్ష చేయించండి. ఆయన పేరు మాత్రం బయటికి రానివ్వకండి."

పంపాక టీ తాగింది. గ్లాసు కింద పెడుతూ, పంపిన మెయిళ్లలో ఆ మెయిల్ పైనున్న చిరునామాలు చూసింది. ఐదు ఉన్నాయి. రెండోది మిల్లు యజమానిది.

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఇక్కడ పెదవి కూడా కదలకుండానే దాటేసింది. ఆ యజమాని కిందటేడు ఎదురు చెప్పిన హమాలీని గోడకేసి కొట్టించిన మనిషి. ఆ సంగతి ఊరందరికీ తెలుసు, ఎవరూ కేసు పెట్టలేదు.

కంప్యూటర్లు బాగు చేసే రామకాంత్‌కి ఫోన్ చేసింది. పంపిన మెయిల్ వెనక్కి లాగే దారి ఉందా అని అడిగింది. మీ కంప్యూటర్లో ఆ సదుపాయం లేదన్నాడు. పెద్ద ఆఫీసుల్లో ఉన్నా, ఒకే ఆఫీసులోపల, అదీ అవతలివాళ్లు తెరవకముందే పనిచేస్తుందన్నాడు. బయటివాళ్ల దగ్గరికి 'ఇది వెనక్కి తీసుకుంటున్నాం' అని ఇంకో మెయిల్ పోతుందనీ, చూడనివాడు కూడా దాంతో చూస్తాడనీ చెప్పాడు. "కంగారుపడి మళ్లీ మళ్లీ పంపకండి. ముందు మీ సారుకి ఉన్నదున్నట్టు చెప్పండి" అని పెట్టేశాడు.

ఇంతలో మెయిల్ వచ్చిన చప్పుడైంది. మద్రాసు ఏజెంటు. ఇది ఏ భాష, బుడే అంటే ఎవరు, అందరికీ అర్థమయ్యేట్టు రాయండి అని ఇంగ్లీషులో అడిగాడు. ఆ మహానుభావుడు కూడా అందరికీ కలిపే పంపాడు. కింద కరీమున్ రాసిందంతా మళ్లీ అచ్చు అలాగే ఉంది. మరో నలుగురి మెయిల్ పెట్టెల్లో పైకి తేలింది బుడే పేరు. నువ్వే నేర్పావు కదా ఈ విద్య అని ఎవరో వెక్కిరించినట్టు ఆవిడకు ఏడుపొచ్చింది.

ఏజెంటుకి జవాబు రాయకుండా ఒంగోలుకి ఫోన్ చేసింది. జరిగిందంతా చెప్పి, తప్పు నాదేనంది.

"మెయిల్ సంగతి తర్వాత. ఆ మనిషి ఇప్పుడెక్కడున్నాడు?" అన్నారు జానకిరామయ్య గారు.

మిల్లులోనే ఉన్నాడు. ఆయనకు సెల్లు లేదు. మిల్లు ఫోన్ ఉండేది యజమాని బల్ల మీద. ఆ యజమాని భోజనం చేసి వచ్చి మూడింటికి మెయిళ్లు చూస్తాడు. అప్పటికి రెండున్నర కావస్తోంది. నువ్వెళ్లి అతన్ని బయటికి తీసుకురా, మూడింటికి ఆ పెద్దమనిషిని నేను మాటల్లో పెడతానన్నారు. ఏజెంటుతోనూ, మిగతా ఇద్దరితోనూ తనే ఫోన్లో మాట్లాడతానన్నారు. వెళ్లేముందు ఒకే ఒక్క మెయిల్ పెట్టమన్నారు. పాతదాని మీద కాదు, కొత్తగా. పాత ముక్క కింద అంటుకోకూడదు, అతని పేరు మళ్లీ రాయకూడదు.

ఆవిడ అలాగే కొట్టింది. "మధ్యాహ్నం నా మెయిల్ పొరపాటున అందరికీ వచ్చింది. దయచేసి తీసేయండి, దానికి జవాబివ్వకండి, ఎవరికీ పంపకండి. క్షమించండి." అంతా ఇంగ్లీషులో, రెండు లైన్లలో. పంపేముందు మూడుసార్లు చదివింది. తర్వాత ఆటో ఎక్కింది.

మిల్లు దగ్గర దిగేసరికి మూడుకి ఐదు నిమిషాలు. అద్దాల గదిలో యజమాని అప్పుడే కంప్యూటర్ ముందు కూర్చుంటున్నాడు. ఇంటర్నెట్ కలిసేటప్పుడు వచ్చే ఆ కీచుమనే కూత వరండాలోకి వినపడుతోంది. లోపల బుడే ముక్కుకు తువ్వాలు కట్టుకుని మరలో కాయ పోస్తున్నాడు. కనురెప్పలు కూడా ఎర్రగా ఉన్నాయి.

"బాబాయ్, సర్దార్‌బీ పిన్నికి బాలేదు. ఉన్నపళాన రా" అంది. పిన్ని నిక్షేపంగా ఉంది. ఆ క్షణంలో నోటికొచ్చిన అబద్ధం అది.

బుడే తువ్వాలు విప్పుకుంటూ వెంటనడిచాడు. వరండా దాటుతుంటే గదిలోంచి "ఏం కరీమున్, ఇటొచ్చావు?" అని యజమాని గొంతు. ఆవిడ వెనక్కి తిరిగింది. అతని చెయ్యి మౌస్ మీద ఉంది. అప్పుడు బల్ల మీదున్న అతని సెల్లు మోగింది. అతను ఎత్తి, "ఆ, జానకిరామయ్య గారూ" అంటూ కుర్చీ అటు తిప్పాడు. ఆ సందులో ఇద్దరూ గేటు దాటి ఆటో ఎక్కారు.

ఆటోలో నిజం చెప్పింది. బుడే తువ్వాలు మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు. తిట్టినా బాగుండేదని ఆవిడకు ఇప్పటికీ అనిపిస్తుంది.

ఎవరి మాట మీదా కాదు, ఇకనుంచి ప్రతి మిల్లు సరుకూ పరీక్ష చేయిస్తామని జానకిరామయ్య గారు ఆ ఫోన్లో యజమానికి చెప్పారు. అన్నట్టే చేశారు కూడా. ఆ లాటులో రంగు తేలింది, లోడు ఆగింది. మద్రాసు ఏజెంటు మెయిల్ తీసేశానన్నాడు. మిల్లు యజమాని మాత్రం తీసేశానని చెప్పలేదు, చూశాననీ చెప్పలేదు. చాలా రోజుల దాకా అతని జీపు బుడే ఉండే వీధిలో మెల్లిగా తిరిగేది. సర్దార్‌బీ పొద్దు వాలితే మొగుణ్ని గడప దాటనిచ్చేది కాదు. ఊళ్లో మరే మిల్లూ అతన్ని పనికి పిలవలేదు. చివరికి కంపెనీ గోడౌన్ దగ్గర కాపలాకి పెట్టుకున్నారు.

కరీమున్ ఇప్పుడు పంపు నొక్కేముందు చిరునామాలన్నీ వేలు పెట్టి చదువుతుంది. ఈ మాటతో వీళ్లలో ఎవరికి పని అని తనను తానే అడుగుతుంది. అయినా పంపాక మళ్లీ తెరిచి ఇంకోసారి చూసుకుంటుంది.

ఒకరోజు బుడే గోడౌన్ తాళాలివ్వడానికి ఆఫీసుకొచ్చి ఆవిడ కంప్యూటర్ వైపు చూస్తూ నిలబడ్డాడు. అతనికి చదువు రాదు. వేలిముద్రే.

"అదింకా ఉందా అమ్మా, ఆ ఉత్తరం?" అన్నాడు.

ఉందని తలూపింది. చూపించమన్నాడు. తీసి, అతని పేరున్న చోట వేలు పెట్టింది. బుడే వంగి ఆ నాలుగు ఇంగ్లీషు అక్షరాల్నీ చాలాసేపు చూశాడు.

"నా పేరు రాసుంటే చూడటం ఇదే మొదలమ్మా" అన్నాడు. "ఇక తీసెయ్యి."