గోడ మీది పేరు, కౌంటర్ వెనక మనిషి

ఉమారాణి మహబూబ్‌నగర్‌లో ఒక ఆస్పత్రి మందుల కౌంటర్‌లో ఆరేళ్లు ఫార్మసిస్టుగా పనిచేసింది. కొడుకు పుట్టాక మానేసింది. పదేళ్లు గడిచి, 2007లో పిల్లవాడు ఐదో తరగతికి వచ్చాక, ఫార్మసీ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ మళ్లీ రెన్యువల్ చేయించుకుని, వనపర్తి ఇంటర్నెట్ సెంటర్‌లో కూర్చుని ఉద్యోగాలు చూపించే ఒక కన్సల్టెన్సీకి మెయిల్ పెట్టింది. పదేళ్ల విరామం దాచలేదు. బడి వేళల్లో, పది నుంచి మూడు దాకా, కౌంటర్‌లో పని కావాలని రాసింది.

సాయంత్రానికే కన్సల్టెన్సీ వెంకట్రాములు ఫోన్ చేశాడు. గద్వాలలో ఒక మెడికల్ షాపు, ఇప్పుడున్న ఫార్మసిస్టు మానేస్తోందట. రోజూ రానక్కర్లేదు, లైసెన్సు కోసం అసలు సర్టిఫికెట్ ఇస్తే చాలు, గోడకు తగిలిస్తారు, జీతం ఇంటికొస్తుంది.

భర్త దేవరాజుకు ఫోన్ అంత తొందరగా రావడమే నచ్చలేదు. ఇంట్లో కూర్చుని జీతమనగానే మనసు మారింది. "మంచిదే కదనే, బస్సు బాధ లేదు," అన్నాడు.

"పని అడిగితే కాగితం అడుగుతుండు," అంది ఉమారాణి.

మర్నాడు గద్వాల బస్సెక్కింది. తనెవరో చెప్పకుండా ఆ షాపులో కొనేవాళ్లలో నిలబడింది. గోడ మీద అద్దం కట్టిన సర్టిఫికెట్‌లో ఎవరో జయశ్రీ పేరు. కౌంటర్‌లో ఉన్నతను డాక్టరు చీటీ అడగకుండానే ఒకావిడకు నిద్రమాత్రలు ఇచ్చాడు. ఫార్మసిస్టు ఉన్నారా అని ఉమారాణి అడిగితే మేడం ఊర్లో లేరన్నాడు. ఎప్పుడొస్తారంటే నవ్వాడు.

ఆ నవ్వు చూశాక ఆమె బస్టాండు దారి పట్టింది. తిరిగొచ్చి వెంకట్రాములుకు రెండో మెయిల్ పెట్టింది: తన పేరు గోడకు ఉండాలంటే దాని కింద తనే నిలబడాలి, ఆ మాత్రలు ఎవరైనా ఎక్కువ మింగితే పోలీసులు వెతికేది గోడ మీది పేరునే.

అతను ఫోన్ చేసి విసుక్కున్నాడు. "పదేండ్లు ఇంట్ల ఉన్నోళ్లకు గిదే దొరుకుతది మేడం."

"అయితే నాకేం దొరకకున్నా మంచిదే సార్."

రెండు వారాలు చప్పుడు లేదు. దేవరాజు అన్నం దగ్గర సణిగేవాడు. తర్వాత వెంకట్రాములే వనపర్తిలోని ఒక నర్సింగ్‌హోం పేరు చెప్పాడు. పొద్దుట్నుంచి రాత్రి దాకా అక్కడి మందుల కౌంటర్ ఒక్కడే చూసే ఫార్మసిస్టు యేసయ్యకు మధ్యలో ఎవరైనా కావాలట, పది నుంచి మూడు. సరిగ్గా తను రాసిన వేళలే కావడంతో ఆమెకు ఇంకా అనుమానం వచ్చింది.

యజమానిని కలవకముందే, తొమ్మిది గంటలకు కౌంటర్ దగ్గరికి వెళ్లింది. నడివయసు మనిషి చీటీ మీద డోసు చదువుతూ, అర్థంకాక డాక్టరుకు ఫోన్ చేస్తున్నాడు. ఫోన్ పెట్టేదాకా ఆగి అడిగింది. "యేసయ్యంటే మీరేనా? రోజూ మీరే కూసుంటరా?"

"నేను కాకుంటే ఇంకెవరమ్మా? మూడేండ్లాయె, పగటన్నం ఇంట్ల తినక."

ఆమె మరుసటి సోమవారమే చేరింది. యజమాని, మందుల కౌంటర్ లైసెన్సులో ఆమె పేరు చేర్పించడానికి అసలు సర్టిఫికెట్ అడిగితే, జిరాక్సు ఇచ్చి, అసలుది డ్రగ్ ఇన్‌స్పెక్టర్ ఆఫీసుకు తనే పట్టుకెళ్లి చూపించి, తనే తిరిగి తెచ్చుకుంది.