కామెర్లకు కాగితం

డిగ్రీ రెండో సంవత్సరంలో నాకు కామెర్లు వచ్చాయి. రోగం రావడం పెద్ద విశేషం కాదు, ఎవరికైనా వస్తుంది. వచ్చిందని నిరూపించుకోవడానికి నేను పడిన పాట్ల ముందు రోగం పెట్టిన బాధ ఏ మూలకూ రాదు.

అప్పుడు జగిత్యాలలో హాస్టల్లో ఉండి చదువుకునేదాన్ని. ఇంటర్నల్ పరీక్షలకు ముందు వారం నుంచే అన్నం చూస్తే వాంతి వచ్చేది. ఒళ్ళు వెచ్చగా ఉండేది. "పరీక్షల జరమే. అందరికీ ఉన్నది, నీకొక్కదానికే కాదు" అని నా రూమ్మేట్ తీర్పు చెప్పింది. మూడో సెమిస్టర్ బీఎస్సీ విద్యార్థిని కదా, ఆమె మాట కాదనే ధైర్యం నాకెక్కడిది? పరీక్షల రోజు పొద్దున జడ వేసుకుంటూ అద్దంలో చూసుకుంటే కళ్ళు పసుపు పూసినట్టున్నాయి. రూమ్మేట్ కూడా వచ్చి చూసి, తన తీర్పు వెనక్కు తీసుకోకుండానే నా మంచినీళ్ళ బాటిల్ మాత్రం దూరంగా జరిపింది.

సిరిసిల్ల నుంచి బాపు, మా నాన్న, వచ్చి నన్ను ఇంటికి తీసుకుపోయాడు. పోతూ పోతూ క్లాసు వాట్సాప్ గ్రూపులో "నాకు ఆరోగ్యం బాగాలేదు, పరీక్షలకు రాలేను" అని పెట్టాను. దానికి ముగ్గురు బొటనవేలు చూపించారు. అది సానుభూతో, సంతోషమో నాకిప్పటికీ తెలియదు.

ఇంట్లో వైద్య మండలి అప్పటికే కూర్చుంది. అధ్యక్షురాలు మా బాపమ్మ, అంటే బాపు వాళ్ళమ్మ. దవాఖానకు పోదామని అమ్మ అంటే ఆమె నోరు తెరవనివ్వలేదు. కామెర్లు ఆమె నోట పసిరికలు.

"పసిరికలకు దవాఖానలో మందు లేదే. ఇంగిలీషు డాక్టర్లే రాత్రిపూట అచ్చి పసరు తాగి పోతరు. వీర్నపల్లి దిక్కు ఒకాయన ఇస్తడు. రేపు పొద్దుగాల పరిగడుపున పోవాలె."

ఏ డాక్టరు రాత్రిపూట వచ్చి తాగాడో నేనడగలేదు. అడిగే ఓపిక లేదు. మర్నాడు పోయాం. ఆయన నా కళ్ళ రెప్పలు కిందికి లాగి చూసి, ఆకుపచ్చటి రసం గ్లాసులో పోసి ఇచ్చాడు. వారం వారం అలా తాగాను. ఉప్పు, నూనె బంద్. నేను చదివిన జీవశాస్త్రం ప్రకారం చాలామందికి ఈ రోగం దానంతటదే తగ్గుతుంది. తగ్గిందా, పేరు ఆయనది. తగ్గకపోతే పథ్యం సరిగా చేయని పేషెంటుది. ఇంత చక్కటి ఏర్పాటు ఏ వృత్తిలోనూ లేదు.

నేను కాస్త లేచి తిరిగే వేళకు కాలేజీ నుంచి ఫోన్ వచ్చింది. పరీక్షల పని చూసే మేడం. ఆరోగ్య కారణాల వల్ల ఇంటర్నల్స్ రాయని వాళ్ళకు మళ్ళీ పరీక్ష పెడుతున్నారట. మెడికల్ సర్టిఫికెట్ తెచ్చినవాళ్ళనే కూర్చోబెడతారట.

వీర్నపల్లి వైద్యుడు అన్నీ ఇస్తాడు గాని కాగితం ఇవ్వడు.

అప్పుడు రంగంలోకి దిగాడు మా మేనమామ. కోరుట్లలో ఉంటాడు. ఆయనకు తెలియని మనిషి ఆ ఊళ్ళో లేడు, ఆయనతో కాని పని లోకంలో లేదు. రెండూ ఆయనే చెప్పిన సంగతులు.

"గింత దానికి గంత ఫికరా అక్కా? బిడ్డను తోల్కరా. ఐదు నిమిషాల పని" అని ఫోన్లో అమ్మతో అన్నాడు.

మామ తీసుకుపోయింది ఒక ఆరెంపీ దగ్గరికి. జ్వరానికి మాత్రలు, సూదులు ఇచ్చే మనిషి. చదివిన డాక్టరు కాదు, అయినా పేరు ముందు డాక్టరని బోర్డు ఉంది. ఆయన నన్ను చూడలేదు. మామను చూశాడు. డ్రాయర్లోంచి అచ్చు కాగితం తీశాడు.

"టైఫాయిడ్ అని రాస్త అన్నా. టైఫాయిడ్ అయితే ఎవలు అడగరు."

"నాకు కామెర్లు సార్" అన్నాను.

"కామెర్లైతే సవాలక్ష అడుగుతరు బిడ్డా. రిపోర్టులంటరు, స్కానింగంటరు. టైఫాయిడ్ సేఫ్" అన్నాడు. ఇంత దయతో నా రోగం మార్చిన మనిషి మళ్ళీ తగల్లేదు. ముద్ర వేశాడు. మామ చెప్పినట్టు పని ఐదు నిమిషాల్లో అయింది, అది మాత్రం ఒప్పుకోవాలి.

మర్నాడు అమ్మా నేనూ జగిత్యాల పోయి ఆ కాగితం మేడం చేతికిచ్చాం. ఆమె కళ్ళద్దాలు సర్దుకుని పైనుంచి కిందికి చదివింది. తర్వాత నా మొహం చూసింది.

"ఏమైంది నీకు?"

అబద్ధం చెప్పాలని దారంతా అనుకుంటూ వచ్చాను. ఆ పసుపు కళ్ళతో ఆమె ముందు నిలబడి టైఫాయిడ్ అనడానికి నోరు రాలేదు. "కామెర్లు మేడం."

"దీన్ల టైఫాయిడ్ అని ఉన్నది."

అమ్మ నేల చూపులు చూస్తోంది.

"ఇచ్చినాయనకు మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు లేదు. నీ గుర్తింపు మచ్చలు రాయలేదు. నీ సంతకం లేదు. ఇది ఎవలదో కూడా తెల్వది. మాకు గవర్నమెంట్ దవాఖాన డాక్టర్ ఇచ్చింది కావాలె, సివిల్ అసిస్టెంట్ సర్జన్ హోదాకు తగ్గద్దు" అని కాగితం వెనక్కి జరిపింది. తర్వాత గొంతు తగ్గించి అంది: "నిజంగ రోగమొచ్చిన పిల్లకు దొంగ కాగితమెందుకమ్మా?"

ఆ ప్రశ్న అమ్మను తాకింది. సిరిసిల్లలో బస్సు దిగగానే తమ్ముడికి ఫోన్ చేసి ఒక్క మాట అంది. "నువ్వింక ఏ పనీ జేసిపెట్టకు." మామ వారం రోజులు అలిగాడు. అది ఆ సంవత్సరం మాకు కలిసొచ్చిన వారం.

సర్కారు దవాఖానలో ఓపీ చీటీ రాయించుకుని లైన్లో నిలబడ్డాం. మా వంతు వచ్చాక లోపల డాక్టరమ్మ. అమ్మ నేరుగా విషయం చెప్పింది: మూడు వారాల కిందట పసిరికలైనయి, పరీక్ష పోయింది, కాగితం కావాలె.

"అప్పుడు ఎక్కడ చూపెట్టిండ్రు?"

అమ్మ నా వైపు చూసింది. నేను గోడ మీది టీకాల బొమ్మ వైపు చూశాను.

"పసరు తాగిపిచ్చినం మేడం" అంది అమ్మ చివరికి.

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "ఆ ఆకులల్ల ఏమున్నదో మీకు తెల్వది, ఆయనకూ తెల్వది. లివర్ అప్పటికే దెబ్బతిని ఉంటది, దాని మీద ఇంకింత రుద్దుతరా? గిట్ల తాగి సీరియస్ అయి వచ్చినోళ్ళను చూసిన నేను." ఇంకా చాలా అంది. బయట లైన్లో ఉన్నవాళ్ళు కూడా విన్నారు. వాళ్ళల్లో కొందరు ఉలిక్కిపడినట్టు కనిపించింది.

"సరే మేడం, తప్పైంది. కాగితం?" అంది అమ్మ.

"నేను చూడని రోజులకు నేనెట్ల రాస్తనమ్మా? ఇయ్యాల చూస్తున్న. ఇయ్యాల ఏమున్నదో రాస్త."

నన్ను మంచం మీద పడుకోబెట్టి కడుపు నొక్కి చూసింది. కుడివైపు పక్కటెముకల కింద నొప్పి ఉంది. కళ్ళు చూసింది. రక్తం తీయించి పరీక్షకు పంపింది. రిపోర్టు వచ్చేదాకా నేను చేసిన ప్రార్థన మా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. దేవుడా, నాకింకా కొంచెం కామెర్లు మిగిలి ఉండేటట్టు చూడు.

దేవుడు విన్నాడు. బిలిరుబిన్ ఇంకా ఎక్కువే ఉంది, హెపటైటిస్ ఎ ఈమధ్యే సోకిందని ఇంకో పరీక్ష తేల్చింది. ఆ రిపోర్టు చూసి నేను నవ్వాను. డాక్టరమ్మ నన్ను వింతగా చూసింది. రోగం బయటపడితే సంబరపడిన పేషెంటు ఆమెకు నేనే మొదటిదాన్నేమో.

ఆమె తన చేత్తోనే రాసింది. నా మోచేతి దగ్గర, మెడ మీద పుట్టుమచ్చలు, పదో తరగతి మెమోలో ఉన్నట్టే. తన ఎదుట నాతో సంతకం పెట్టించుకుని దాన్ని ధ్రువీకరించింది. పేషెంటు చెప్పిన ప్రకారం మూడు వారాల నుంచి లక్షణాలు ఉన్నాయని, ఈ రోజు పరీక్షలో, రిపోర్టులో ఉన్నది దానికి సరిపోతుందని, ఇంకో వారం విశ్రాంతి అవసరమని రాసింది. రిజిస్ట్రేషన్ నంబరు, ముద్ర, తేదీ. ఒక్క అక్షరం అబద్ధం లేదు.

నిజం రాస్తే ఏమవుతుందో జగిత్యాలలో తెలిసింది.

"కాగితం కరెక్టున్నది" అంది మేడం. అమ్మ ఊపిరి పీల్చుకుంది. "కానీ వారం రెస్టు అని రాసిండ్రు. రీటెస్ట్ ఎల్లుండే. రెస్టుల ఉన్న పిల్లను నేనెట్ల కూసోబెడ్త? ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కావాలె."

మా అమ్మ మామూలుగా లెక్చరర్లతో మాట్లాడే మనిషి కాదు. వాళ్ళ ముందు కుర్చీలో కూడా అంచు మీదే కూర్చుంటుంది. ఆ రోజు లేచి నిలబడింది.

"మేడం, రోగం ఉన్నదంటే పరీక్ష రాయద్దంటరు. రోగం తగ్గిందంటే కాగితం ఏదంటరు. ఇగ నా బిడ్డ చచ్చినంక రాయాల్నా పరీక్ష?"

స్టాఫ్ రూములో పేపర్లు దిద్దుతున్న చేతులు ఆగిపోయాయి. నాకు నేల చీలితే బాగుండుననిపించింది. మేడం మాత్రం కోపం తెచ్చుకోలేదు. కాగితం చేతిలోకి తీసుకుని, "రాండ్రి" అని మమ్మల్ని ప్రిన్సిపాల్ గదికి తీసుకుపోయింది. ఇంటర్నల్ మార్కులు యూనివర్సిటీ పోర్టల్‌లో ఎక్కించడానికి ఇంకా గడువుందని, ఫిట్‌నెస్ తెచ్చాక నాకు విడిగా పరీక్ష పెట్టవచ్చని ఆమే వాదించింది. అక్కడే నాతో రాయించిన అర్జీ మీద ప్రిన్సిపాల్ అనుమతి రాసి సంతకం పెట్టాడు.

వారం తర్వాత డాక్టరమ్మ మళ్ళీ రక్తం చూసి, కాలేజీకి పోవచ్చని రాసిచ్చింది.

ఆ రీటెస్ట్ రాసినవాళ్ళను నేను తర్వాత చూశాను. అందరూ కాలేజీలోకెల్లా ఆరోగ్యంగా ఉన్నవాళ్ళే. వాళ్ళ సర్టిఫికెట్లలో ఏముందో నాకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు.

నేను ఒక్కదాన్నే ఖాళీ ల్యాబులో కూర్చుని రాశాను. మేడం ఎదురుగా కూర్చుని కాపలా కాసింది. నా ఒక్కదానికోసం తన మధ్యాహ్నం భోజనం వెనక్కి జరిపింది. సగంలో నేను తల బల్ల మీద వాలిస్తే కలం పక్కన పెట్టించి మంచినీళ్ళు ఇచ్చింది. "టైం ఇస్త, ఆగి రాయి" అంది. ఆమె మీద నాకున్న కసి అంతా ఆ గ్లాసుతో పోయిందని చెప్పను. సగం పోయింది.

తర్వాత మార్కులు బొటాబొటీగా వచ్చాయి. పాసయ్యాను. ఆ రోజు పరీక్ష రాసి బయటికి వచ్చేసరికి అమ్మ నోటీసు బోర్డు కింద కూర్చుని ఉంది.

"రాసినవా?"

"రాసిన."

"మంచిగ రాసినవా?"

"ఏమో అమ్మా. ఆకలైతుంది."

నెల రోజుల్లో నా నోట ఆ మాట రావడం అదే మొదలు. అమ్మ నా చెయ్యి పట్టుకుని బస్టాండు దగ్గర హోటల్ వైపు నడిచింది.