సగంలో లేవకూడని మనిషికి సెలవు

మా అక్క పోయిన నాలుగో రోజు పొద్దున్న, కూర్మన్నపాలెంలో పెద్ద మేనల్లుడి ఇంటి ముందుగదిలో చాప మీద కూర్చుని, చిన్న మేనల్లుడు ఫోను చూసుకుంటూ కనిపించాడు. ఒంటి మీద తెల్లపంచె, భుజాన తుండు, మాసిన గడ్డం. పక్కన దీపం వెలుగుతోంది. ఆ దీపం ఆరకుండా చూసే పని వాళ్ళ వదినది.

"ఏట్రా, అలా ఉన్నావు?" అన్నాను.

"మూడు రోజులే ఇచ్చారు మావయ్యా. ఇవాళ్టితో అయిపోతాయి. రేపట్నించి ఇంట్లో కూకునే పని సేసుకోమంది మా మేనేజరు. కెమెరా కూడా పెట్టక్కర్లేదంది. పాపం, మంచి మనసుతోనే అంది."

వాడు మధురవాడలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పని చేస్తాడు. మేనేజరు పోలండులో ఉంటుంది. ఆవిడ ఈ దేశం ఎప్పుడూ రాలేదు. వాళ్ళ క్లయింటు ఒకరు పాత సిస్టం వదిలి కొత్తదానికి మారే వారం అది. ఆ మార్పు మొత్తం వీడి చేతుల మీదుగా నడుస్తోంది. "అమ్మ చనిపోయింది, కొన్ని కార్యక్రమాలు ఉన్నాయి" అని మాత్రం రాశాడట. కార్యక్రమం అంటే ఆవిడకి ఏం తెలుస్తుంది? ఒక పూట ప్రార్థన, పూలు, భోజనం అనుకుని ఉంటుంది.

వాడి అన్న స్టీల్ ప్లాంటులో పని చేస్తాడు. లోపల్నించి కాఫీ గ్లాసులు పట్టుకొచ్చి, ఒకటి నా చేతికిచ్చి అక్కడే కూర్చున్నాడు.

"నాను ఒక్క ఫోను సేసినాను మావయ్యా. 'అమ్మ పోనాది సార్' అన్నాను. మా ఫోర్‌మన్ 'పెద్దకర్మ అయ్యేదాకా ఇటేపు సూడకు' అన్నాడు. అంతే. ఈడి కంపెనీ ఏటో, ఈడి ఏడుపేటో! ఒరే తమ్ముడూ, పోనీ నాను కూకుంటానురా. నాన్నకి నానే కదా సేసినాను. నువ్వెల్లి నీ పని సూసుకో."

చిన్నవాడు తలెత్తి అన్న వంక చూశాడు. ఆ చూపు చూశాక వాడికి ఏం కావాలో నాకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

మా వాళ్ళలో తండ్రికి పెద్దకొడుకు, తల్లికి చిన్నకొడుకు తలకొరివి పెడతారు. ఎందుకలా అని నన్ను చాలామంది అడిగారు, నాకు తెలియదు. కానీ నిప్పు పెట్టిన చెయ్యే పిండం పెట్టాలి. మొదలుపెట్టినవాడు మధ్యలో లేచి ఇంకొకరిని కూర్చోబెట్టడం ఉండదు. పెద్దవాడికి అది తెలియక కాదు. తమ్ముడి ఉద్యోగం మీద భయంతో అన్నాడు.

నేను పోర్టు ఆఫీసులో సెలవుల సెక్షన్లోనే ఎక్కువకాలం గడిపాను. సెలవు చీటీ రాయడం, చదవడం, పక్కన పెట్టడం, పైకి పంపడం నా జీవితంలో పెద్ద భాగం. కాబట్టి, "ఆ మాత్రం దానికి దిగులెందుకురా? నేను రాస్తాను" అన్నాను. అనుమానమేమీ లేకుండానే అన్నాను.

ఇంటికి వెళ్ళి, మా అమ్మ పోయినప్పటి డైరీ తీశాను. నేను పెట్టుకున్న సెలవు చీటీ అందులో ఎత్తి రాసుకున్నాను. "మా తల్లిగారు కాలం చేశారు. కర్మలు పూర్తయ్యే వరకు సెలవు ఇప్పించగలరు." మొత్తం అంతే. దాని మీద సంతకం పెట్టిన అధికారి ఆ సాయంత్రం మా గుమ్మంలో చెప్పులు విడిచి, గోడవారగా నిలబడి, కాసేపు ఉండి, వెళ్తానని చెప్పకుండానే వెళ్ళిపోయాడు. చావింట్లో వెళ్ళొస్తానని చెప్పకూడదని ఆయనకి ఎవరూ నేర్పనక్కర్లేదు. అంతా తెలిసినవాళ్ళకి రాసిన చీటీ అది. ఏమీ తెలియని మనిషికి నేనెప్పుడూ రాయలేదు.

అయినా కూర్చుని రాశాను. ఆత్మ ఎటు పోతుందో, రోజుకో పిండంతో దానికి దేహం ఎలా ఏర్పడుతుందో, ఆఖరికి పితృదేవతల్లో ఎలా కలుస్తుందో, అన్నీ వరసగా రాశాను. చదువుకుంటే నాకే ముచ్చటేసింది.

మధ్యాహ్నం తీసుకెళ్ళి చిన్న మేనల్లుడి భార్యకి ఇచ్చాను. ఆమె ద్వారకా నగర్లో ఒక బ్యాంకులో పని చేస్తుంది. ఇంగ్లీషులోకి మార్చి టైపు చేయాల్సింది ఆమే. కాగితం మొత్తం చదివి, మడిచి ఒళ్ళో పెట్టుకుంది.

"మావయ్యా, తప్పుగా అనుకోకండి. ఇది సదివితే ఆవిడ సేతులు జోడిస్తాది గానీ సెలవివ్వదు."

"అదేం? అన్నీ రాశాను కదా!"

"అదే మరి. ఇదంతా నమ్మాలా వద్దా అని ఆవిడ కూకుని ఆలోసించాలి. ఆవిడకెందుకా బాధ? ఈయన పొద్దున్న లేచి ఏటి సేత్తన్నారు, ఏటి సెయ్యకూడదు, ఎప్పుడొస్తారు, అంతవరకూ ఈయన పనెవరు సేస్తారు? మా మేనేజరైతే అయే అడుగుతాడు."

సెలవుల సెక్షన్లో తల నెరిసినవాడిని, నాకు కోపం రావాలి. రాలేదు. ఆ నాలుగు ప్రశ్నలే నేనూ ఎదుటివాళ్ళ చీటీల్లో వెతికేవాడిని. నా వంతు వచ్చేసరికి మరిచిపోయాను. కాగితం వెనక్కి తిప్పి, పెన్ను తీశాను.

"సరే, కంప్యూటర్ ముట్టుకోకూడదని ముందు రాద్దాం" అన్నాను.

చాప మీంచి చిన్నవాడు, "అలాగని ఎక్కడుంది మావయ్యా?" అన్నాడు.

పెద్దవాడు నవ్వాడు. "శాస్త్రం రాసినోడికి లాప్‌టాప్ ఏటి తెలుస్తాదిరా? నేదంటే నేదనుకో, ఉందంటే ఉందనుకో. రాసీయండి మావయ్యా, పోలండోల్లొచ్చి సూస్తారా?"

అది నాకు నచ్చలేదు. కర్మ చేయిస్తున్న పంతులుగారికి ఫోను చేశాను. ఆయన కాస్త ఆలోచించి, "యంత్రం ముట్టుకుంటే దోషమని నేనెక్కడా చదవలేదండి. నేను చెప్పలేను. చెయ్యాల్సింది సగంలో విడిచి లేవకూడదు. అది మాత్రం గట్టిగా చెబుతాను" అన్నారు.

అదే రాద్దామని నిర్ణయించాను. నేను తెలుగులో చెబుతుంటే కోడలు ఇంగ్లీషులో టైపు చేస్తూ పోయింది. ఒక్కో వాక్యానికీ ఆగి, "అంటే?" అనేది. ఆ 'అంటే' పోలండు నుంచి వస్తున్నట్టే అనుకుని జవాబు చెప్పాను.

చివరికి తయారైన ఉత్తరం తెలుగులో ఇలా ఉంటుంది:

"మా అమ్మ అంత్యక్రియలు అయ్యాయి కానీ, ఆమె కోసం నేను చేయాల్సినవి ఇంకా అవలేదు. మా ఇంట్లో ఇవి పదకొండో రోజున ముగుస్తాయి. అన్నయ్య ఉన్నాడు కదా అని మీకు అనిపించవచ్చు. మా కుటుంబంలో తల్లికి చిన్నకొడుకు చేస్తాడు. చితి వెలిగించిన మనిషే చివరివరకూ చేయాలి, మధ్యలో మరొకరికి అప్పగించడం కుదరదు. ఈ రోజుల్లో నేను చెప్పులు వేసుకోను, గడ్డం తీయను, నేల మీద పడుకుంటాను, వేరే ఇళ్ళకి వెళ్ళను. కంప్యూటర్ వాడకూడదని నియమమేదీ లేదు. కానీ ఇక్కడికి బంధువులు ముందుగా చెప్పకుండా వస్తారు, చెప్పకుండా వెళ్తారు. వచ్చిన ప్రతి ఒక్కరి దగ్గరా నేను కూర్చోవాలి. మీటింగ్ మధ్యలో వాళ్ళొస్తే మీటింగ్ వదిలేస్తాను, వాళ్ళ మధ్యలో మీటింగ్ వస్తే వాళ్ళని వదలలేను. అలా సగం పని చేస్తానని మీకు మాట ఇవ్వడం సరికాదు. పదో రోజున సముద్రం దగ్గర తల గీయించుకుంటాను. పన్నెండో రోజు ఇంటి శుభ్రం. పదమూడో రోజు పనిలోకి వస్తాను. గుండుతో కనిపిస్తాను, అనారోగ్యం అనుకోకండి."

కింద, సిస్టం మార్పు పని ఎవరు చూస్తారో, ఏ భాగం ఎంతవరకు వచ్చిందో వాడే రాయించాడు. తన టీములో ఒకతనికి ముందే ఫోను చేసి ఒప్పించాడు. అతను, "బావా, నువ్వు అమ్మ పని సూడు, క్లయింటు పని నాను సూస్తాను. పాడైతే ఇద్దరం కలిసి తిట్లు తిందాం" అన్నాడట.

కోడలు పంపే ముందు, "మరీ గుండు సంగతి కూడా ఎందుకు మావయ్యా?" అంది.

"తిరిగొచ్చిన రోజు వాడు అందరికీ మళ్ళీ మొదట్నించి చెప్పుకోకూడదమ్మా" అన్నాను. ఆమె తలూపి, బటన్ నొక్కింది.

సాయంత్రం పలకరింపులకి వచ్చినవాళ్ళు గది నిండా ఉన్నారు. చిన్నవాడు ఒక్కొక్కరితో, అమ్మకి ఊపిరి ఎలా ఆడకపోయిందో, ఆసుపత్రికి ఎలా తీసుకెళ్ళారో మొదట్నించి చెబుతున్నాడు. చెప్పడం అయ్యేసరికి మరొకరు వచ్చి కూర్చునేవారు. ఫోను వాడి మోకాలి పక్కన ఉంది. వెలిగింది. వాడు చూడలేదు. చూడడానికి వీల్లేదు, ఎదురుగా ఒక ముసలావిడ వాడి చెయ్యి పట్టుకుని ఏడుస్తోంది. ఉత్తరంలో మేం రాసిన మాట నా కళ్ళ ముందే జరుగుతోంది.

నేనే ఫోను తీసి కోడలికిచ్చాను. ఆమె వంటగది గుమ్మంలో నిలబడి చదివింది. ముందు ఇంగ్లీషులో మనసులో, తర్వాత తెలుగులో నాకు.

"మొత్తం ఇచ్చింది మావయ్యా. పదమూడో రోజుదాకా. మొదట్లోనే ఇలా సెప్పి ఉంటే కెమెరా మాట ఎత్తేదాన్ని కాదంది. ఇంట్లో ఒక్కడే దిగులుగా ఉంటాడని, పని ఉంటే మనసు మళ్ళుతుందని అనుకుందట. ఇల్లు నిండా మనుషులుంటారని తెలీదట. ఇంకో మాట అడిగింది. సముద్రం దగ్గరికెళ్ళే రోజు ఎవరూ ఫోను సెయ్యకుండా టీముకి తనే సెప్పొచ్చా అని."

"చెప్పమను" అన్నాను.

పెద్దవాడికి చెబితే, "అబద్ధం రాయకపోయినా ఇచ్చిందా!" అన్నాడు. తర్వాత లోపలికెళ్ళి, తమ్ముడి వెనకాల గోడకి ఆనుకుని, వచ్చినవాళ్ళందరితోపాటు తనూ కూర్చున్నాడు. ఇక వాడి బదులు కూర్చుంటాననే మాట మళ్ళీ ఎత్తలేదు.

పదో రోజు సముద్రం ఒడ్డుకి వెళ్ళాం. చిన్నవాడి ఫోను నా చొక్కా జేబులో ఉంది. కెరటాలకి కాస్త ఎగువన మంగలి వాడి తల గీస్తున్నాడు. పంతులుగారు దర్భలు సరిచేసుకుంటున్నారు. ఎవరూ ఫోను చేయరని ఆవిడ మాట ఇచ్చినా, ఆ జేబు మీద నా చెయ్యి అప్పుడప్పుడు పోతూనే ఉంది.

ఫోను మోగింది. జేబు తడుముకున్నాను, అది కాదు. పెద్దవాడిది. తీసి మాట్లాడి, విసుగ్గా పెట్టేశాడు.

"ఎవర్రా?"

"మా ఫోర్‌మన్ మావయ్యా. రేపు పెద్దకర్మకి భోజనాలు ఎన్నింటికని అడుగుతన్నాడు. అన్నీ తెలిసినోడితో ఇదే గోల!"

పంతులుగారు కూడా నవ్వు ఆపుకోలేకపోయారు.

చిన్నవాడు సముద్రంలో మునిగి, నీళ్ళు కారుతూ పైకి వచ్చాడు. గుండుతో వాడి ముఖం ఒక్కసారిగా మా అక్క ముఖంలా కనిపించింది. నా జేబు వైపు చూశాడు.

"ఏటైనా వచ్చిందా మావయ్యా?"

"ఏమీ రాలేదు. నువ్వు కూర్చో" అన్నాను.

వాడు తూర్పు దిక్కుకి ఒకసారి చూసి, తడిపంచెతోనే పంతులుగారి ముందు ఇసకలో కూర్చున్నాడు.