తట్ట ముందు కూర్చున్నదాన్ని చట్టం చూసిందా

మంగళవారం, పొద్దున పదకొండు గంటల పది నిమిషాలకు ఫిర్యాదుల కమిటీ ముందు నా కేసు పిలిచారు. గోడ గడియారం నేనే చదివాను కాబట్టి గట్టిగా చెబుతున్నాను. యాభై ఆరో ఏట అక్షరాలు నేర్చుకున్నదాన్ని. అప్పటినుంచీ కంటబడ్డ ప్రతిదీ చదువుతాను, మందుసీసా మీది చీటీతో సహా.

కేసు చిన్నదే. వన్ టౌన్‌లో ఒక సందు మొగలో ఏళ్ల తరబడి చేపలు అమ్ముతున్నాను. వీధి వ్యాపారుల జాబితా రాయడానికొచ్చిన అధికారి నా పేరు రాయలేదు. జాబితాలో లేకపోతే సర్టిఫికెట్ రాదు. అది లేకపోతే ఏదో ఒకరోజు నా తట్ట ఎత్తి లారీలో పడేస్తారు. వీధి వ్యాపారి అంటే తాత్కాలిక కట్టడంలోంచి గానీ, చోటు మారుతూ గానీ అమ్మేవాళ్లని చట్టంలో ఉందట, ఆ అధికారి చెప్పాడు. నాకు పందిరి లేదు, తిరగను కూడా. మా ఆడవాళ్లు పందిరి వేయరు. నీడలో ఉన్న చేపను జనం నిన్నటిదంటారు.

ద్వారకా నగర్‌లో ఒక లాయరమ్మ కేసు తీసుకుంది. నాలుగు పేజీలు రాసి చదివి వినిపించింది. మొదటి పేజీ నిండా నా ముసలితనం, నా కష్టాలు.

“నా కట్టం సట్టంలో ఉందేటి?” అన్నాను. “నేదు గదా. కొట్టీ.”

కొట్టేసింది. చట్టం తెలుగు ప్రతి నా ముందు పెట్టింది. వేలు పెట్టి చదివాను. ఆవిడ రెండు టీలు తాగింది. అధికారి చెప్పిన వాక్యం చివర్లోనే, కూర్చుని అమ్మేవాళ్లూ ఇందులోకే వస్తారని ఉంది. ఇంకోచోట, ఒకే చోట రోజూ అమ్మేవాళ్లని విడిగా ఒక రకం చెప్పి ఉంది.

“సగం సదివి ఆపేసినాడు,” అన్నాను.

“అంత అమాయకుడు కాదమ్మా. కూర్చునేవాళ్లకైనా కట్టడం ఉండాల్సిందే అంటాడు. ఆ మాటలు అలానూ చదవొచ్చు, మనలానూ చదవొచ్చు. అలాంటప్పుడు కోర్టులు ఒకటి అడుగుతాయి: ఏ ఇబ్బంది తీర్చడానికి ఈ చట్టం చేశారు? ఆ ఇబ్బంది తీరే అర్థం తీసుకుంటాయి. అలాగని మాటలు మోయలేని అర్థం ఎక్కించవు.”

“తట్టలో పట్టినన్ని సేపలే ఎయ్యాల.”

“అంతే. ఏ మాటా ఊరికే పడి ఉండకూడదు కూడా. ఒకేచోట కూర్చునేవాళ్లను బయటికి తోస్తే, ఆ విడి రకం ఎవరి కోసం రాసినట్టు?”

అదంతా వరసగా రాసింది: ముందు మాటలు, తర్వాత రెండు అర్థాలు, తర్వాత చట్టం ఉద్దేశం. నాకు నచ్చింది, పొట్టిగా ఉంది.

కమిటీలో అధికారి కూడా ఉద్దేశమే ఎత్తుకున్నాడు. “కాపాడటం ఒక్కటే కాదండి, క్రమబద్ధం చేయడం కూడా ఈ చట్టం ఉద్దేశమే. ఫుట్‌పాత్ మీద కూర్చున్న ప్రతివాళ్లనీ రాస్తే జనం ఎక్కడ నడుస్తారు?” అంటూ ఒక ఫొటో బల్ల మీద పెట్టాడు. ఆ పొద్దున తీసిందట. నా చోట్లో నాలుగు కర్రలు, పైన నీలం టార్పాలిన్.

అది ఎవరు వేశారో నాకు తెలీదు. పెద్దాయన, అంటే ఒకప్పుడు సివిల్ జడ్జీగా చేసిన అధ్యక్షుడు, ఎవరిదని అడిగాడు. నా పక్కన తట్ట పెట్టుకునే మా వదిన లేచింది. జాబితాలో తన పేరూ రాయలేదు.

“నాదే బాబూ. పందిరుంటేనే సట్టంలోకి రానిత్తారంట గదా. ఈవిడ కాయితాలు రాసుకుంటంది, నాను కర్రలు పాతినాను.”

“కొంప ముంచీసినావు వదినా,” అన్నాను.

“నీకు సదువొచ్చిన కాణ్నుంచి మేమందరం తెలివితక్కువోళ్లమే.”

“చూశారా,” అన్నాడు అధికారి, “కట్టడం కావాలని వాళ్లే ఒప్పుకుంటున్నారు.”

లాయరమ్మ వంగి, మా కాగితం అడుగున చేత్తో ఒక పేరా రాసి పెద్దాయనకిచ్చింది. ఆయన చదివి అధికారి వైపు తిరిగాడు.

“ఈ పందిరి ఉంచితే ఈవిడ పేరు రాస్తారా?”

“రాయాలండి.”

“తీసేస్తే?”

“రాయకూడదండి.”

“అయితే దారి ఖాళీగా ఉంచినవాళ్లను చట్టం వదిలేస్తుంది, దారికి అడ్డంగా కర్రలు పాతినవాళ్లను కాపాడుతుంది. మీరన్న క్రమబద్ధం ఇదేనా?”

అధికారి తన ఫొటో తనే చూసుకున్నాడు. మా వదిన నా డొక్కలో పొడిచింది, గట్టిగానే.

పెద్దాయన ఉత్తర్వు చెప్పి రాయించాడు: రెండు అర్థాలకూ వీలున్నప్పుడు చట్టం ఉద్దేశానికి కలిసొచ్చే అర్థమే తీసుకోవాలి, ఒకేచోట కూర్చుని అమ్మేవాళ్లకు కట్టడం అక్కర్లేదు, నా పేరూ వదిన పేరూ జాబితాలో చేర్చాలి, టార్పాలిన్ సాయంత్రంలోగా తీసేయాలి.

“నా టార్పాలిన్ వల్లే గెలిసినావు, నాదే తీసీమంటారేటి?” అంది వదిన.

ఉత్తర్వు అందినట్టు సంతకం పెట్టేముందు కాగితమంతా చదువుతానన్నాను. భోజనాల వేళ దాటింది. ఎవరూ కదల్లేదు, నేను కదలనివ్వలేదు. ఆ రోజు అక్కడ ఉన్నవాళ్లు: పెద్దాయన, కమిటీలో మిగతా ఇద్దరు, ఉత్తర్వు రాసిన గుమాస్తా, ఫొటో వెనక్కి తీసుకున్న అధికారి, మా లాయరమ్మ, మా వదిన, నేను.